పక్క వీధికి పది అంకెలు, జమైకాకి పదకొండు

"అమెరికాకీ, కెనడాకీ, జమైకాకీ ఒకటే +1 ఎలా వచ్చింది? డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి పక్క వీధికి ఫోన్ చేసినా పది అంకెలూ నొక్కాలంటోంది. ఎందుకలా?"

కంట్రీ కోడ్ అన్న మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుందండీ. నిజానికి అది దేశానికి కాదు, ఒక నంబర్ల పథకానికి ఇచ్చిన కోడ్. అమెరికా, కెనడా 1947 నుంచే ఒకే పథకంలో ఉన్నాయి. కరీబియన్ దీవులు తర్వాత చేరాయి. 1960లలో ప్రపంచానికి కోడ్‌లు పంచేటప్పటికి అదంతా ఒకే వ్యవస్థ, అందుకే మొత్తానికీ కలిపి 1 ఇచ్చారు. లోపల ఏ దేశమో చెప్పేది ఆ తర్వాతి మూడంకెలే. జమైకా కోడ్‌లలో 876 ఒకటి. అది తెలియక ఒకసారి నేను 876 నుంచి వచ్చిన మిస్డ్ కాల్‌కి, ఏదో రాష్ట్రం అనుకుని తిరిగి ఫోన్ చేశాను. బిల్లులో అంతర్జాతీయ కాల్ అని పడింది!

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఈ ఉమ్మడి పథకంలోనే ఉంది. హైదరాబాద్‌లో నంబర్లు చాలనప్పుడు పాత ఏడంకెలకి ముందు 2 చేర్చి ఎనిమిది చేశారు, గుర్తుందా? +1లో అలా కుదరదు. మూడంకెల ఏరియా కోడ్, ఏడంకెల నంబరు అన్న కొలత సుమారు ఇరవై దేశాలకి ఉమ్మడి. డల్లాస్ ఒక్కటీ దాన్ని మార్చుకోలేదు. కొత్త ఏరియా కోడ్ తేవడమే దారి.

మొదట ఊరిని చీల్చారు. 1996లో పాత ఏరియా కోడ్ 214 నడి ఊరికి మిగిలింది, చుట్టుపక్కలకి 972 వచ్చింది. నేను 1998లో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చేసరికి మన కిరాణా కొట్టాయన విజిటింగ్ కార్డుల మీద 214 ఇంకా పెన్నుతో కొట్టేసి 972 రాసి ఇస్తున్నాడు. అదీ త్వరలోనే చాలదని తేలింది. ఈసారి చీల్చకుండా, 214, 972 మధ్య హద్దు తీసేసి, 1999లో రెండింటి మీదా 469 పరిచారు. దాన్నే ఓవర్‌లే అంటారు. ఎవరి నంబరూ మారదు. కానీ 555-0142 అన్న ఏడంకెలు 214లోనూ, 972లోనూ, 469లోనూ ఉండొచ్చు, అదీ ఒకే వీధిలో.

ఏరియా కోడ్ నొక్కకపోతే ఫోన్ చేసేవాళ్ల కోడే అనుకునేలా ఎక్స్ఛేంజ్‌ని పెట్టొచ్చు కదా అంటారేమో. సాంకేతికంగా పెట్టొచ్చు. అయితే పాత కోడ్‌లో నంబర్లు చాలావరకు పాత కంపెనీవాళ్లవే, కొత్త కంపెనీలకి ఎక్కువగా దక్కేది కొత్త కోడే. పాతవాళ్లు వాళ్లలో వాళ్లు ఏడంకెలతో సరిపెట్టుకుంటే కొత్తవాళ్ల నంబరు ఎవరికి కావాలి? అందుకే ఓవర్‌లే ఉన్నచోట అందరూ పది నొక్కాల్సిందేనని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996లోనే రూలు పెట్టింది.

మనుషులు తొందరగానే అలవాటు పడ్డారు, యంత్రాలే ఇబ్బంది పెట్టాయి. మా కొట్టాయన ఫ్యాక్స్‌లో హోల్‌సేల్ వాళ్ల నంబరు ఏడంకెలతోనే సేవ్ అయి ఉంది. రెండు రోజులు ఆర్డర్లు వెళ్లలేదు. మెషీన్ చెడిపోయిందని నన్ను పిలిచాడు. స్పీకర్ ఆన్ చేసి వింటే, ఏరియా కోడ్‌తో కలిపి మళ్లీ డయల్ చేయండని రికార్డు చేసిన గొంతు. ముందు 972 చేర్చాం, వెంటనే ఫ్యాక్స్ వెళ్లిపోయింది.