16 అన్నారు, 12కి దిగాననుకున్నా, రిపోర్టులో 20.8 వచ్చింది

ప్రశ్న: జిమ్‌లో దిగిన ఫోటో చూసి ఒకరు నా బాడీ ఫ్యాట్ 13 శాతం అన్నారు, ఇంకొకరు 20 అన్నారు. అసలు ఫోటో చూసి చెప్పొచ్చా? చెబితే ఎంత తేడా వస్తుంది?

చూసేవాళ్లకి కన్ను బాగా అలవాటైనా అటు నాలుగైదు, ఇటు నాలుగైదు పాయింట్లు తేడా రావడం మామూలే. చేతులు సన్నగా ఉండి నడుము దగ్గర కొవ్వు చేరే మనలాంటివాళ్లకి అంతకంటే ఎక్కువే రావచ్చు, అదీ దాదాపు ఎప్పుడూ ఒకే వైపు: ఉన్నదానికంటే తక్కువ చెబుతారు. నాకు జరిగింది చెబుతాను.

నా ఎత్తు 172 సెంటీమీటర్లు, అప్పట్లో బరువు 68 కిలోలు. చేతులు సన్నం, మొహంలో ఎముక తేలి ఉండేది, బట్టలేసుకుంటే అందరూ "నువ్వేంటి తగ్గేది" అనేవాళ్లు. మా ట్రైనర్ ఫోటో చూసి 16 శాతం అన్నాడు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల చార్టు పక్కన పెట్టుకుని చూస్తే నాకూ అంతే అనిపించింది. 68లో 16 శాతమంటే కొవ్వు దాదాపు 11 కిలోలు, మిగతా ఒళ్లు 57. నేను 12 శాతానికి రావాలనుకున్నా. 12 శాతం కొవ్వంటే మిగతా ఒళ్లు 88 శాతం, కాబట్టి 57ని 0.88తో భాగిస్తే 65 కిలోలు. మూడు కిలోలు తగ్గితే చాలన్నమాట.

రెండున్నర నెలల్లో 65కి వచ్చాను. కానీ బొడ్డు కింద రెండు వేళ్లతో పట్టుకుంటే మందపాటి మడత అలాగే చేతికొచ్చేది. 12 శాతం ఉన్నవాడికి అక్కడ అంత దొరకదు. అనుమానం వచ్చి, ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వు, కండ, ఎముక విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్ చేయించుకున్నా. 20.8 శాతం. కొవ్వు 13.5 కిలోలు, మిగతా ఒళ్లు 51.5. ఇప్పుడు 12 శాతానికి రావాలంటే అదే లెక్కన 58.5 కిలోలకి దిగాలి, అదీ కండ కాస్త కూడా పోకుండా. మూడు కిలోల పని అనుకున్నది మొత్తం తొమ్మిదిన్నర అయింది. ఆ రిపోర్టు చూశాక నేను తగ్గడం ఆపేసి ముందు కండ పెంచుకునే దారి పట్టాను. ఫోటో లెక్క నమ్ముకుని ఉంటే ఇంకొంచెమే ఉందనుకుని ఇంకో నెల తిండి కోసేవాణ్ని.

పొరపాటు ఎక్కడుందంటే, శాతమనేది నిష్పత్తి, ఫోటోలో కనిపించేది చర్మం కింద కొవ్వు మందం. ఇద్దరికీ కొవ్వు 14 కిలోలే అనుకోండి. ఒకరి బరువు 65 అయితే అది 21.5 శాతం, ఇంకొకరు కండతో 78 ఉంటే 18 శాతం. చార్టుల్లో బొమ్మలు ఎక్కువగా ఆ రెండోవాడివి. పైగా ఆ బొమ్మల కింద రాసిన అంకెలు కూడా ఎవరో చూపుతో వేసుకున్నవే, స్కాన్ తీసి రాసినవి అరుదు. ఒక అంచనాని ఇంకో అంచనాతో పోల్చుకుంటున్నాం.

మనవాళ్ల విషయంలో ఇంకొకటుంది. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. డెక్సాలో యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. స్కాన్ నాటికి నా బీఎంఐ 22, అందుకే ఆ అంకెలు చదివినప్పుడు నా రిపోర్టే చదువుతున్నట్టనిపించింది. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, కొవ్వంతా నడుము చుట్టూ, కొంత పొట్ట లోపల పేగుల మధ్య. ఆ లోపలిది ఏ కెమెరాకీ కనపడదు. ముందు నుంచి తీసిన ఫోటోలో చేతులు, భుజాలు, ఛాతీ చూసి మార్కులేస్తారు. మనకి కొవ్వు తక్కువ ఉండే చోట్లే అవి.

ఇక లైటు. ఒక రోజు పొద్దున్నే ఖాళీ కడుపుతో రెండు ఫోటోలు తీసుకున్నా, మధ్యలో పది నిమిషాలు. మొదటిది హాల్లో ట్యూబ్‌లైటుకి ఎదురుగా నిలబడి. రెండోది బాత్రూంలో నెత్తి మీద ఒకే బల్బు, ఒక సెట్ పుషప్స్ చేసి, ఒంటికి కాస్త నూనె రాసుకుని. రెండోదాంట్లో పక్కటెముకల కింద నీడలు పడి, పొట్ట మీద పై రెండు గళ్లు స్పష్టంగా కనిపించాయి. జిమ్‌లో ఒకే స్నేహితుడికి వారం తేడాతో చూపిస్తే మొదటిదానికి 21, రెండోదానికి 15 అన్నాడు. నీడని బట్టి ఆరు పాయింట్లు! మీకు 13, 20 చెప్పిన ఇద్దరూ ఒకే ఫోటో చూశారా అని కనుక్కోండి.

అన్ని చోట్లా తప్పు ఒకేలా ఉండదు. పొట్ట అడుగు దాకా గళ్లు, నడుము పక్కన నరాలు తేలినవాణ్ని చూసి పది లోపు అనడం తేలిక, అక్కడ పెద్దగా తప్పు పోదు. 17 నుంచి 27 మధ్యే కన్ను మోసపోతుంది, ఎందుకంటే అక్కడ మూడు నాలుగు కిలోలు తగ్గినా అద్దంలో కొత్తగా కనిపించేదేమీ ఉండదు. ఆడవాళ్లకి కొవ్వు తొడలు, పిరుదుల దగ్గర ఎక్కువ చేరుతుంది కాబట్టి పొట్ట మాత్రమే చూసి చెప్పే అంకె ఇంకా దూరం పోతుంది.

డెక్సా కూడా తిరుగులేనిది కాదు. నీళ్లు ఎక్కువ తాగి వెళ్తే అది కండ లెక్కలోకి పోతుంది, వేరే కంపెనీ మెషీన్‌లో కొన్ని పాయింట్లు మారొచ్చు. అందుకే ఒకే చోట, ఒకే వేళకి, ఖాళీ కడుపుతో చేయించుకోవాలి.

స్కాన్‌కి డబ్బు పెట్టలేకపోతే దర్జీ టేపు చాలు. ఊపిరి మామూలుగా వదిలాక బొడ్డు దగ్గర నడుము కొలత, కంఠం ముడి కింద మెడ కొలత సెంటీమీటర్లలో తీసుకోండి. మగవాళ్లకి అమెరికా నేవీ వాడుతూ వచ్చిన లెక్క ఇది, waist అంటే నడుము, neck మెడ, height ఎత్తు, అన్నీ సెంటీమీటర్లలోనే:

```
495 / (1.0324 - 0.19077*log10(waist-neck) + 0.15456*log10(height)) - 450
```

స్కాన్ రోజు నా నడుము 84, మెడ 36. దీంట్లో 18.2 వచ్చింది, స్కాన్‌కి రెండున్నర తక్కువ. ఇదీ మూడు నాలుగు పాయింట్లు తప్పొచ్చు, కానీ దీనికి నీడలతో పని లేదు.

మీరు ముందు మీ ఎత్తు, నడుము, మెడ కొలతలు కింద పెట్టండి, కలిసి లెక్క చూద్దాం. ఫోటో పడేయొద్దు. అదే గోడ, అదే లైటు, అదే వేళలో నెలకొకటి తీసి పక్కన పెట్టుకోండి, ముందు, పక్క, వెనక మూడు వైపులా. నా 68 కిలోల ఫోటోల్లో పక్క నుంచి తీసినదాన్లో ప్యాంటు బెల్టు పైకి పొంగిన నడుము స్పష్టంగా ఉంది. ట్రైనర్‌కి నేను చూపించింది ముందుది మాత్రమే.