డబ్బా నలిగిందని రాయకుండా సంతకం పెట్టేస్తే...

ప్రశ్న: ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ పనులు చేస్తాను. పాత మానిటర్ అమ్మేసి, వాయిదాల మీద 27 అంగుళాల కొత్తది ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా ఒక మూల బాగా నలిగి వచ్చింది. లోపల థర్మోకోల్ ఉంటుంది కదా, ఏం కాదులే అనుకుని డెలివరీ అబ్బాయి ఫోన్ మీద సంతకం పెట్టేశాను. రెండు రోజులకు తీరిక దొరికి విప్పితే తెర పగిలి ఉంది. కొరియర్ వాళ్లేమో ‘బాగున్నట్టు మీరే సంతకం పెట్టారు’ అంటున్నారు. పని ఆగిపోయింది. ఒక లోన్ యాప్‌లో పది నిమిషాల్లో అప్పు ఇస్తామంటున్నారు. తీసుకుని ఇంకోటి కొనేయమంటారా?

సమాధానం: వద్దు. అప్పు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అంతకన్నా ముందు మీరు చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ఏమిటంటే, ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. చెక్కు రాసేటప్పుడు అంకె రెండుసార్లు సరిచూసుకునేవాళ్లు కూడా డెలివరీ ఫోన్ మీద వేలితో ఓ గీత గీసి తలుపు వేసుకుంటారు. నిజానికి ఆ గీత కూడా డబ్బు కాగితమే.

పార్శిల్ రవాణాలో ఏ రిమార్కూ లేకుండా పెట్టిన సంతకానికి ఒక్కటే అర్థం: సామాను పైకి బాగున్న స్థితిలో చేరింది. ఆ తర్వాత అది దారిలోనే దెబ్బతిందని రుజువు చేసుకునే భారం మీ నెత్తిన పడుతుంది. విమానంలో దేశాలు దాటే సరుకుకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం కూడా ఇదే చెబుతుంది. ఫిర్యాదు లేకుండా తీసుకుంటే సరుకు బాగా చేరినట్టే లెక్క, కాదంటే రుజువు చూపించాలి. సరుకు దెబ్బతింటే ఫిర్యాదుకు అక్కడ 14 రోజుల గడువు ఉంది. రోడ్డు మీద దేశాలు దాటే సరుకుకు సీఎంఆర్ అని ఇంకో ఒప్పందం ఉంది. దాని తేడా మీకు బాగా అర్థమవుతుంది. పైకి కనిపించని నష్టానికి అది ఏడు రోజులు ఇస్తుంది, కానీ పైకి కనిపించే నష్టాన్ని డెలివరీ సమయంలోనే చెప్పాలంటుంది. మీ మానిటర్‌కు ఈ ఒప్పందాలు వర్తించకపోవచ్చు, మీ కొరియర్ షరతులే వర్తిస్తాయి. అయినా ఆ షరతులు రాసేవాళ్ల ఆలోచన ఇదే దారిలో నడుస్తుంది. నలిగిన మూల అందరికీ కనిపించేదే. అందుకే ‘విప్పేదాకా తెలియలేదు’ అన్న మాట మీ విషయంలో సగమే నిలబడుతుంది.

మరి ఆ రోజు గుమ్మం దగ్గర ఏం రాసి ఉండాల్సింది? చాలామంది ‘తనిఖీ చేయలేదు’ అనో ‘చూశాక చెబుతాం’ అనో రాసి, జాగ్రత్తపడ్డామనుకుంటారు. క్లెయిమ్ చూసే గుమస్తాకు ఆ మాటతో పనేమీ లేదు, డబ్బా ఎలా ఉందో అందులో లేదు కాబట్టి. కంటికి కనిపించిందీ చెవికి వినిపించిందీ రాయాలి. మీ డబ్బాకైతే ఇలా: ‘కింది కుడి మూల నాలుగు అంగుళాల మేర లోపలికి నొక్కుకుపోయింది. ఆ పక్కన టేపు ఊడింది. కదిపితే లోపల గాజు ముక్కల చప్పుడు వస్తోంది. లోపలి సామాను చూడలేదు.’ తేదీ, సమయం వేసి, దాని కింద సంతకం. తడి మరక ఉంటే అదీ రాయాలి. కొన్ని ఖరీదైన సామాన్ల డబ్బాల మీద గట్టి దెబ్బ తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ అంటిస్తారు. అది ఎర్రబడి ఉంటే ఆ సంగతి తప్పకుండా రాయాలి. అలాగని ఎర్రబడనంత మాత్రాన లోపలిది క్షేమమని కాదు.

కాగితం స్లిప్ అయితే రిమార్కు వాళ్లు తీసుకెళ్లే ప్రతి మీద ఉండాలి. మీ దగ్గర మిగిలే ప్రతి మీద మాత్రమే రాసుకుంటే అది మీ డైరీ రాసుకున్నట్టే. రాశాక దాన్ని ఫోటో తీసుకోండి. యాప్‌లో కాస్త తిరకాసు ఉంటుంది. సంతకం గడి పైన ‘మంచి స్థితిలో అందుకున్నాను’ అన్న వరుసకు ముందే టిక్కు పెట్టి ఉండొచ్చు. వ్యాఖ్య రాసే చోటు డెలివరీ మనిషి తెర మీదే ఉంటుంది, మీకు చూపించరు. ఫోన్ చేతికి ఇచ్చినప్పుడు ‘ఒక్క నిమిషం’ అని ఆ పేజీ మొత్తం చదవండి. రిమార్కు ఆయన చేతే టైపు చేయించి, ఆ తెరను మీ ఫోన్‌తో ఫోటో తీయండి. చోటు లేదంటే సంతకం గడిలోనే వేలితో ‘డబ్బా నలిగింది’ అని రాసి, పక్కన సంతకం పెట్టండి. రెండు మాటలే అయినా చాలు. సంతకం బదులు కోడ్ చెప్పే పద్ధతి ఉన్నచోట కోడ్ చెప్పడమే సంతకం, కాబట్టి రిమార్కు ఎక్కాకే కోడ్ చెప్పాలి.

‘తర్వాత కంప్లైంట్ పెట్టుకోండి మేడం, నాకు ఇంకా చాలా డెలివరీలున్నాయి’ అంటారు. పాపం, ఆయన తొందర ఆయనది. కానీ మీరు రాసేది ఆయన మీద ఫిర్యాదు కాదు. మూల నలిగింది ఆయన బండి మీదేనని ఎవరూ అనడం లేదు, గోదాములో పైన బరువు పడినప్పుడే నలిగి ఉండొచ్చు. ఆయన చేతికి వచ్చేటప్పటికే డబ్బా అలా ఉందంటే ఆ రిమార్కు ఆయనకూ రక్షణే. ఈ ముక్క మర్యాదగా చెబితే చాలామంది ఆగుతారు.

ఇలాంటప్పుడు అసలు తీసుకోకుండా తిప్పి పంపేయొచ్చు కదా అని అడగొచ్చు. విక్రేత సులువుగా వాపసు తీసుకునే సంస్థ అయితే అదే మేలు. అయితే యాప్‌లో ‘కస్టమర్ వద్దన్నారు’ అని కాకుండా ‘దెబ్బతిన్నందున తిరస్కరించారు’ అని పడిందో లేదో చూసుకోవాలి. ఎవరో వ్యక్తి పంపిన వాడిన సామానో, మీ సొంత సామానో అయితే రిమార్కు రాసి తీసుకోవడమే నయం. వెనక్కి వెళ్లే దారిలో అది ఇంకా దెబ్బతినొచ్చు, దారి తప్పొచ్చు.

ఇప్పుడు మీ సంగతి. మీరు కొరియర్ వాళ్లతో వాదిస్తూ కూర్చున్నారు. సాధారణంగా కొరియర్‌తో ఒప్పందం పంపినవాళ్లది. మీరు డబ్బు కట్టింది విక్రేతకు. అడగాల్సింది కూడా విక్రేతనే. ఫోన్లో కాదు, రాతపూర్వకంగా, ఈరోజే. డబ్బా, థర్మోకోల్, టేపు ముక్కలతో సహా ఏదీ పారేయకండి. చూడటానికి మనిషిని పంపినప్పుడు ప్యాకింగ్ లేకపోతే క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. డబ్బా ఆరు వైపులా ఫోటోలు తీయండి, అడ్రస్ లేబుల్ మీద ట్రాకింగ్ నంబరు చదవగలిగేలా ఒకటి, మానిటర్ వెనక సీరియల్ నంబరు ఒకటి. తర్వాత మానిటర్‌ను మళ్లీ థర్మోకోల్‌లో అమర్చి, పగుళ్లు ఏ మూల నుంచి మొదలై పాకాయో చూడండి. అవి డబ్బా నలిగిన మూల నుంచే విచ్చుకుని ఉంటే ఆ రెండింటినీ ఒకే ఫోటోలో చూపించండి. మీరు ఇంట్లో పడేశారన్న అనుమానానికి అంతకు మించిన జవాబు లేదు.

ఇంకొకటి. చాలా కొరియర్ సంస్థల వాళ్లు డెలివరీ చేసినట్టు రుజువుగా గుమ్మం ముందు పార్శిల్‌ను ఫోటో తీస్తారు. ఆ ఫోటో అడిగి తీసుకోండి. మీరు రాయని రిమార్కును వాళ్ల కెమెరా రాసి ఉండొచ్చు. నలిగిన మూల అందులో కనిపిస్తే ‘బాగున్నట్టు సంతకం పెట్టారు’ అన్న మాటలో పస తగ్గుతుంది. కార్డు మీద కొని ఉంటే బ్యాంకు ద్వారా ఆ చెల్లింపును సవాలు చేసే దారీ ఉంది, దాని గడువు వెంటనే కనుక్కోండి.

ఇవన్నీ చేసినా డబ్బు వెంటనే వస్తుందనుకోకండి, మొత్తం వస్తుందని అంతకన్నా అనుకోకండి. రవాణా సంస్థ బాధ్యతను చాలాచోట్ల సామాను ధరతో కాదు, బరువుతో కొలుస్తారు. పైన చెప్పిన సీఎంఆర్‌లో కిలోకు 8.33 ఎస్‌డీఆర్ పరిమితి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ఒక ప్రమాణం. మీ మానిటర్ ఆరు కిలోలనుకుంటే 50 ఎస్‌డీఆర్‌ల దగ్గర ఆగిపోతుంది, దాని ధర ఎంతైనా సరే. విక్రేత మీకు మొత్తం ఇవ్వొచ్చు, అది అతని షరతులను బట్టి. కానీ క్లెయిమ్ డబ్బును చేతిలో ఉన్న డబ్బుగా లెక్క వేసుకోకూడదు.

నేను ప్రతి ఉత్తరానికీ రాసేదే మీకూ రాస్తున్నాను, విసుగొచ్చినా వినండి. మీకు అత్యవసర నిధి లేదు. ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. నిధిలోంచి ఇంకో మానిటర్ కొనేవారు, క్లెయిమ్ డబ్బు ఎప్పుడు వస్తే అప్పుడు తిరిగి నిధిలో వేసేవారు. నెల జీతం వచ్చేవాళ్లకు మూడు నెలల తప్పనిసరి ఖర్చులు చాలంటాను. పని ఉంటేనే రాబడి ఉండే మీలాంటివాళ్లకు ఆరు నెలలవి కావాలి. పైగా పనిముట్టు ఆగితే రాబడి ఆగుతుంది కాబట్టి, ఆ పనిముట్టు ధర కూడా అందులో కలపాలి. కొత్త మానిటర్‌కు వాయిదాలు కట్టగలిగిన మనిషి ఆరు నెలలు ఆగి, ఆ వాయిదా మొత్తాన్నే నిధిలో వేసుకుని, పాతదానితో నెట్టుకురావచ్చు. మీరు పాతది అమ్మేసి, చేతిలో ఏమీ లేకుండా కొత్తది వాయిదాల మీద తెచ్చుకున్నారు. డబ్బా నలగకపోయినా ఇంకేదో ఒకటి మిమ్మల్ని ఆ లోన్ యాప్ దగ్గరికి తీసుకెళ్లేదే.

ఇక ఆ పది నిమిషాల అప్పు. వంద అడిగితే ఫీజు కింద పది ముందే పట్టుకుని తొంభై చేతిలో పెట్టి, నెల తిరిగేసరికి వందా కట్టమన్నారనుకుందాం. చేతికొచ్చిన తొంభైకి పది అంటే ఒక్క నెలకే 11 శాతానికి పైన. మీ యాప్ ఎంత పట్టుకుంటుందో ఆ షరతుల పేజీలో చూసి ఇదే లెక్క వేయండి. ఒకవైపు పగిలిన తెరకు వాయిదా, ఇంకోవైపు రెండోదానికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి మూడో యాప్. మానిటర్ ఒక్కటే, డబ్బు కట్టేది మాత్రం రెండు మూడుసార్లు. ఇందులో ఆలోచించడానికేముందో నాకు అర్థం కాదు!

పని నడవడానికి మానిటర్ అద్దెకు తీసుకోండి, లేదా తెలిసినవాళ్ల దగ్గర కొన్నాళ్లు అరువు అడగండి. క్లయింట్‌కు ఉన్న విషయం చెప్పి గడువు పెంచమనండి. విక్రేతతో గొడవ తేలేదాకా పగిలిన మానిటర్ వాయిదా మాత్రం ఆపకండి. ఆ అప్పు ఇచ్చింది వేరే సంస్థ అయితే సామాను పగిలిందన్న సంగతి దానికి పట్టదు, ఆలస్య రుసుము వేస్తుంది. విక్రేతకు రాసే ఉత్తరం నకలును అప్పిచ్చిన సంస్థకు కూడా పంపి, కొనుగోలు రద్దయితే వాయిదాలు ఎలా సర్దుతారో రాతపూర్వకంగా అడగండి.