ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ చాలు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన పాలిటీ నోట్సు పేజీలు చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ అత్యవసర పరిస్థితుల పేజీలోనే ఏడు రంగులు లెక్కపెట్టాను. ఆర్టికల్ నంబర్లు గులాబీ, హెడ్డింగులు ఊదా, నిర్వచనాలు పసుపు, మిగతా వాటికి నారింజ, నీలం... ఆ పేజీలో రంగు పడని వాక్యాలు రెండే కనిపించాయి, నా కళ్లు నేరుగా వాటి మీదకే వెళ్లాయి. చుట్టూ అంతా రంగే అయితే తెల్లగా మిగిలిందే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది మరి.

గ్రూప్-2కి మొదటిసారి చదివినప్పుడు నేనూ ఇదే చేశాను. పుస్తకం తెరవగానే హైలైటర్ మూత తీసేవాణ్ణి. మొదటి చదువులో అన్నీ కొత్తే కాబట్టి అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. పరీక్షకు వారం ముందు తిరగేస్తే ఏది ఒకసారి చూస్తే చాలో, ఏది పదిసార్లు చూడాలో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు, మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవాల్సి వచ్చింది. రెండోసారికి పద్ధతి మార్చాను, అదే నీకు రాస్తున్నాను.

మొదటి చదువులో రంగు వద్దు. నీలం బాల్‌పెన్నుతో రాయి, అంతే. లాంగ్ నోట్‌బుక్కులో కుడివైపు నాలుగోవంతు స్కేలుతో గీత కొట్టి ఖాళీగా వదిలెయ్. హెడ్డింగ్ కింద అదే నీలం పెన్నుతో ఒక గీత చాలు, దానికి వేరే రంగు అక్కర్లేదు.

రెండు మూడు రోజులు ఆగి, నోట్సు తెరవకుండా, ఒక చిత్తు కాగితం మీద ఆ పేజీలో ఏముందో గుర్తొచ్చినంత రాయి. తర్వాత నోట్సు తెరిచి పోల్చుకో. రంగు వేసే సమయం అప్పుడే వస్తుంది, అదీ నువ్వు మర్చిపోయినదానికి, ఒకదానితో ఒకటి కలిపేసినదానికి మాత్రమే. సరిగ్గా రాసిందాన్ని ముట్టుకోకు. నిజానికి గుర్తుండేలా చేసేది ఈ చిత్తు కాగితమే. 2013లో డన్‌లోస్కీ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన సహచరులు పది చదువు పద్ధతుల్ని బేరీజు వేసి, హైలైట్ చేయడాన్ని తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో, తనను తాను పరీక్షించుకోవడాన్ని ఎక్కువ ఉపయోగం ఉన్నవాటిలో పెట్టారు. అందుకే నేను రంగును చదివే పనిగా చూడను, తప్పు దొరికిన చోట పెట్టే గుర్తుగానే చూస్తాను.

ఇప్పుడు నీ పేజీనే తీసుకుందాం. 352 జాతీయ అత్యవసర పరిస్థితి, 356 రాష్ట్రపతి పాలన, 360 ఆర్థిక అత్యవసర పరిస్థితి. చదివిన ప్రతివాళ్లూ తడబడేది ఒక్కచోటే, పార్లమెంటు ఎంతకాలంలో ఆమోదించాలి, ఏ మెజారిటీతో అన్నదగ్గర. 356కీ 360కీ రెండు నెలలు, సాధారణ మెజారిటీ. 352కి ఒక నెల, ప్రత్యేక మెజారిటీ. మూడింట్లో రెండు ఒకేలా ఉన్నాయి, ఒకటి వేరు. నువ్వు మూడింటికీ పసుపు పూశావు, దాంతో తేడా మాయమైంది. 352 పక్కన ఉన్న 'ఒక నెల', 'ప్రత్యేక' అనే మాటల మీద మాత్రమే పసుపు వెయ్. మిగతా రెండూ తెల్లగా ఉండనీ. వరుసలో వేరుగా కనిపించేది బాగా గుర్తుంటుందని జర్మనీలో హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అనే ఆవిడ 1933లోనే చూపించింది, కాకపోతే వేరుగా ఉన్నది ఒకటో రెండో అయితేనే ఆ లాభం.

ఎరుపు పెన్ను గడువులకీ పరిమితులకీ. రాష్ట్రపతి పాలన ఆరేసి నెలల చొప్పున పొడిగిస్తూ మొత్తం మూడేళ్లు దాటకూడదు. చిత్తు కాగితం మీద నువ్వు ఏడాది అని రాశావనుకో, అప్పుడు ఆ 'మూడేళ్లు' చుట్టూ ఎరుపుతో చిన్న డబ్బా గియ్. ఏడాది అని ఎందుకు పొరపాటు పడ్డావో కూడా ఆలోచించు. ఏడాది దాటాక పొడిగించాలంటే వేరే షరతులున్నాయి, ఆ ఏడాదే నీ బుర్రలో మిగిలిపోయి ఉంటుంది.

ఆకుపచ్చ పెన్ను కుడివైపు ఖాళీలోనే తిరగాలి. ఎందుకు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి అక్కడికి వెళ్తాయి. 'ఒక నెల'కి ఎదురుగా '44వ సవరణ, 1978, అంతకుముందు రెండు నెలలు' అని రాయి. 352 విధించడానికి కారణాల్లో ఒకటైన 'సాయుధ తిరుగుబాటు'కి ఎదురుగా కూడా అదే సవరణ, అంతకుముందు అక్కడ ఆంతరంగిక కల్లోలం అని ఉండేది. 356కి ఎదురుగా 'బొమ్మై కేసు, 1994', దాని కింద 'ఆంధ్రప్రదేశ్ 1973, 2014'. మన రాష్ట్రంలో జరిగింది కాబట్టి అది ఊరికే పట్టుకుంటుంది. ఈ ఖాళీ వల్ల ఇంకో లాభం ఉంది. ఎడమవైపు చేత్తో మూసేసి ఆకుపచ్చ మాట చూసి అసలు విషయం చెప్పుకోవచ్చు, తర్వాత కుడివైపు మూసి తిప్పి చెప్పుకోవచ్చు.

అయ్యాక పేజీని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడు. పసుపు మచ్చలు నాలుగైదు దాటితే, ఆ పేజీకి రంగు సరిపోలేదని కాదు, విషయం ఇంకా అర్థం కాలేదని. అలాంటి పేజీని మళ్లీ చదివి వేరే కాగితం మీద చిన్న పట్టికగా రాసుకో, పాతదాన్ని తీసెయ్. వాక్యం మొత్తానికి పసుపు పూయాలనిపించినప్పుడు అందులో ఏ మాట మారితే జవాబు తప్పు అవుతుందో వెతుకు, ఆ మాటకే వెయ్.

ఇంక సామాను సంగతి. జెల్ పెన్ను రాత ఆరకముందే హైలైటర్ పెడితే అక్షరం అలుక్కుపోతుంది, హైలైటర్ మొన కూడా నల్లబడుతుంది, అందుకే బాల్‌పెన్ను అన్నాను. మొన నల్లబడితే చిత్తు కాగితం మీద నాలుగు గీతలు గీస్తే మళ్లీ శుభ్రమవుతుంది. కాగితం పల్చనైతే రెండోవైపుకి దిగుతుంది, ముందు చివరి పేజీ మీద గీసి చూడు. దిగితే పసుపు కలర్ పెన్సిల్ వాడు, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే తక్కువ ధర, ఆరేదాకా ఆగక్కర్లేదు. జిరాక్స్ తీయించేటప్పుడు పసుపు దాదాపు కనిపించదు, ఎరుపు నల్లగా వస్తుంది. ఎరుపుకి డబ్బా గియ్యమన్నది అందుకే, రంగు పోయినా డబ్బా మిగులుతుంది. మీ తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు కదా, వాడు నీ నోట్సు చదివినా డబ్బా, ఖాళీ చూసి పోల్చుకుంటాడు.

ఒక ప్రమాదం మాత్రం కనిపెట్టుకుని ఉండు. 'పేజీ కింద ఎడమవైపు పసుపులో ఉంది, కానీ ఏమిటో గుర్తు రావట్లేదు' అనిపించిందంటే నీకు గుర్తున్నది రంగు, విషయం కాదు. హాల్లో ప్రశ్నపత్రం నలుపు తెలుపే. అలాంటి చోట ఇంకో రంగు వేయకు. ఆకుపచ్చతో పక్కన ప్రశ్న రాయి, '352కి ఎన్ని నెలలు? ఎందుకు మారింది?' అని, మరుసటి రోజు నోట్సు తెరవగానే ముందు దానికి జవాబు చెప్పు. రెండు రోజులు వరసగా చెప్పగలిగితే ఆ ప్రశ్న మీద అడ్డంగా ఒక గీత కొట్టెయ్.

మ్యాపులకి ఇది పనికిరాదు, అక్కడ నదులకీ కొండలకీ రంగుల లెక్క వేరు. జాగ్రఫీ గురించి వేరేగా మాట్లాడుకుందాం.

రంగులు వేసిన పాత పేజీల్ని తిరగరాస్తూ కూర్చోకు, టైమ్ వృథా. ఇవాళ్టి నుంచి రాసేవాటికి మాత్రం ఇలా చెయ్. రాజ్యాంగ సవరణల పేజీ మొదలుపెడతానన్నావు కదా, నీలంతో రాసి గురువారం దాకా ముట్టుకోకు. ఆ రోజు చిత్తు కాగితం, నోట్సు రెండూ ఫొటో తీసి పంపు, పసుపు ఎక్కడ పడిందో చూస్తాను.

మీ మావయ్య