సూత్రం చెప్పినా ఉద్యోగం ఎందుకు రాలేదు?

ప్రశ్న: సార్, మాది గాజువాక. బీటెక్ కెమికల్ ఫైనలియర్. పరవాడలో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో రౌల్ట్ నియమం అడిగితే సూత్రం చెప్పాను. అసిటోన్-క్లోరోఫామ్ కలిపి మరిగిస్తే ఏమవుతుందన్నారు, విడిపోతాయన్నాను. అంతే, పంపేశారు. ఏం చదవాలి?

జవాబు: పూర్తిగా విడిపోవు, అందుకే పంపేశారు. ఫార్మా ప్లాంటులో వాడేసిన సాల్వెంట్‌ని మళ్లీ శుద్ధి చేసే సెక్షన్‌కి మనిషిని తీసుకునేవాళ్లు సూత్రం కన్నా అది ఎక్కడ చెల్లదో నీకు తెలుసా అని చూస్తారు.

బెంజీన్, టోలీన్ దాదాపు ఒకే రకం అణువులు, పక్కన ఎవరున్నా ఒకదానికి పెద్ద తేడా తెలియదు, కాబట్టి ఒక్కోదాని మోల్ భాగాన్ని దాని సొంత బాష్పపీడనంతో గుణించి కూడితే మొత్తం పీడనం వచ్చేస్తుంది, రౌల్ట్ నియమం అంటే ఇదే. ఇదే లెక్క 35 డిగ్రీల దగ్గర నీ జంటకి వేసి చూడు. విడిగా అసిటోన్ పీడనం సుమారు 345 మి.మీ., క్లోరోఫామ్‌ది 293. సగం సగం మోల్స్ కలిపితే 319 రావాలి. కొలిస్తే 255 దగ్గరే ఆగుతుంది. క్లోరోఫామ్‌లోని హైడ్రోజన్ అసిటోన్‌లోని ఆక్సిజన్‌ని పట్టుకుని వదలదు, పైకి లేచే అణువులు తగ్గిపోతాయి. ఇది రుణ విచలనం. కలిపినప్పుడు బీకరు వెచ్చబడుతుంది కూడా.

పీడనం తగ్గిందంటే మరగడానికి ఎక్కువ వేడి కావాలి కదా. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర, క్లోరోఫామ్ 61 దగ్గర మరుగుతాయి, కానీ బరువులో క్లోరోఫామ్ 80 శాతం దాకా ఉన్న మిశ్రమం 64 దాటాక గానీ మరగదు. సగం సగం పోసి కాలమ్ నడిపితే పైనుంచి అసిటోన్ వస్తూ ఉంటుంది, అడుగున మిగిలింది మెల్లగా ఆ 80 శాతానికి చేరి అక్కడే ఇరుక్కుంటుంది. థర్మామీటరు కదలదు. పైన పట్టిన శాంపిల్, అడుగు శాంపిల్ ఒకే వక్రీభవన గుణకం చూపిస్తే ఆవిరీ ద్రవమూ ఒకే పాళ్లలో ఉండే అజియోట్రోప్‌కి చేరిపోయావని అర్థం, ఇక రిఫ్లక్స్ ఎంత పెంచినా ఆవిరి దండగ. అప్పుడు మూడో ద్రవం కలపడమో పీడనం మార్చి చూడడమో చేయాలి.

ధన విచలనం దీనికి వ్యతిరేకం: అణువులు ఒకదాన్నొకటి సరిగా పట్టుకోవు, పీడనం లెక్క కన్నా పెరుగుతుంది. ఇథనాల్-నీళ్లు అలాంటివే, మామూలు పీడనం దగ్గర ఎంత స్వేదనం చేసినా ఇథనాల్ బరువులో 95.6 శాతం దాటదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, గైడ్లు దాన్ని మింగేస్తాయి. ధన విచలనమైతే కలిపినప్పుడు చల్లబడాలి, ఘనపరిమాణం పెరగాలి అని నువ్వు బట్టీ పట్టి ఉంటావు. ఇథనాల్‌లో నీళ్లు పోసి చూడు, వెచ్చబడుతుంది, మొత్తం కాస్త తగ్గుతుంది కూడా. అయినా విచలనం ధనాత్మకమే. వేడిని చూసి గుర్తు తేల్చకు, కొలిచిన పీడనాన్ని చూసి తేల్చు.

మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఈ రెండు జంటలకీ పీడనం-మోల్ భాగం గ్రాఫులు చేత్తో గీయి. అసిటోన్-క్లోరోఫామ్ దగ్గర గీత ఎటు వంగుతుందో, దాని అడుగు బిందువు ఎక్కడుందో ఎవరైనా అడిగితే కాగితం తీసి గీసి చూపించగలగాలి.