పల్పర్ కడగడానికి ఎస్‌ఓపీ ఎలా రాయాలి?

"మాది చిన్న మామిడి తాండ్ర యూనిట్, ఆత్రేయపురం దగ్గర. లైసెన్సు కోసం క్లీనింగ్ ఎస్‌ఓపీ అడిగారు. నెట్‌లో దొరికినవి పెద్ద ఫ్యాక్టరీలవి. మనకు సరిపడేలా ఎలా రాసుకోవాలి?"

మొత్తం యూనిట్‌కి కలిపి ఒకటే రాయకండి. ముందు పల్పర్‌కి ఒక పేజీ రాయండి, అసలు తలనొప్పి దానితోనే.

మొదట్లో నేను "రోజూ పని అయ్యాక పల్పర్ శుభ్రంగా కడగాలి" అని ఒక్క వాక్యం రాసి గోడకి అంటించాను. ఆ సీజన్లోనే పొద్దున తీసిన మొదటి గుజ్జు నురగ కట్టి పుల్లవాసన వచ్చేది. తర్వాత తీసింది మాత్రం బాగుండేది. కాయ పాడైతే రోజంతా అలాగే రావాలి కదా! టార్చి వేసి చూస్తే మూత రబ్బరు గాడిలో నిన్నటి పీచు పులిసి ఉంది. కడిగే అమ్మాయి తప్పేం లేదు, రబ్బరు ఊడదీయమని నేనెక్కడా రాయలేదు.

అందుకే ఓ సాయంత్రం ఆమె కడుగుతుంటే పక్కన నిలబడి వరసగా రాసుకున్నాను. మెయిన్ స్విచ్ ఆపాలి. జల్లెడ, బ్రష్షులు, రబ్బరు ఊడదీయాలి. మంచినీళ్ల ధారతో గుజ్జు పోగొట్టాలి. సబ్బుద్రావణంతో గాడిని సన్న బ్రష్షుతో తోమాలి. జారుడు పోయేదాకా కడగాలి. గాడిలో తెల్ల టిష్యూ తిప్పితే పసుపు అంటకూడదు, అంటితే మళ్లీ తోమాలి. తర్వాత గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టాలి.

క్లోరిన్ పొద్దున పని మొదలుపెట్టే ముందు పెడతాం. రాత్రి పెట్టి అలాగే వదిలేస్తే స్టీలు మీద చిన్న గుంటలు పడతాయి. 100 పీపీఎం కావాలంటే 10 లీటర్ల నీళ్లకి 1 గ్రాము క్లోరిన్ పడుతుంది. 4 శాతం హైపోక్లోరైట్ అయితే 25 మిల్లీలీటర్లు. చల్లనీళ్లే వాడాలి. సువాసన కలిపిన బ్లీచ్ వద్దు. భాగాలన్నీ 5 నిమిషాలు తడిసి ఉండాలి, ఆ తర్వాత నీళ్లు పూర్తిగా కారిపోనివ్వండి. గుజ్జు మిగిలి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది, అందుకే తోమకుండా మందు పోస్తే దండగ.

మే ఎండకి రేకుల షెడ్డులో పెట్టిన హైపోక్లోరైట్ క్యాను బలం తగ్గిపోతుంది. కొలత సరిగ్గానే పోసినా టెస్ట్ స్ట్రిప్ 50 చూపించిన రోజులున్నాయి. కాబట్టి "25 మిల్లీలీటర్లు పోయాలి" అని మాత్రమే రాసి వదలకండి. "స్ట్రిప్ 100 చూపించాలి, తక్కువైతే కొంచెం కలిపి మళ్లీ చూడాలి" అని కూడా రాయండి.

మీ బోరు నీళ్లు గట్టివైతే జల్లెడ కన్నాల్లో తెల్లపొర కడుతుంది. వారానికోసారి సిట్రిక్ యాసిడ్ పెట్టండి, కానీ క్లోరిన్ పెట్టే పూట మాత్రం వద్దు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఈ మాట ఎర్ర అక్షరాలతో రాయించండి.

రిజిస్టర్‌లో తేదీ, టైము, స్ట్రిప్ అంకె, సంతకం చాలు. నెలంతా ఒకే పెన్నుతో 100, 100 అని ఉంటే మాత్రం ఒకరోజు పొద్దున్నే వెళ్లి మీరే స్ట్రిప్ ముంచి చూడండి.