‘ఆమె వచ్చింది’ రుజువవుతుందా?

సందేహం: డిగ్రీ వ్యాసంలో, ఆడ–మగ శరీర భేదం ప్రకృతిదనీ, స్త్రీత్వం–పురుషత్వం సమాజం కట్టినవనీ వాదిస్తున్నాను. తెలుగులో ‘ఆవు వచ్చింది’ అన్నట్టే ‘ఆమె వచ్చింది’ అంటాం. స్త్రీని పశువుల వరుసలో నిలిపిన ఈ వ్యాకరణాన్ని రుజువుగా చూపవచ్చా? – ఒక విద్యార్థిని

సమాధానం: చూపవద్దు. మీ వాదం నిలిచేదే కానీ, ఈ రుజువు దాన్ని పడగొడుతుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పురుషవాచకాలను మహత్తులనీ, తక్కినవాటిని అమహత్తులనీ విభజించింది. ఏకవచనంలో స్త్రీ అమహత్తు వైపే ఉంటుంది, నిజమే. కానీ బహువచనానికి రండి: ‘ఆవులు వచ్చాయి’, ‘ఆడవాళ్లు వచ్చారు’. లెక్కపెట్టినా రెండు ఆవులు, ఇద్దరు ఆడవాళ్లు. ఒక్కరుంటే పశువుతో సమానం, ఇద్దరైతే మనుషులు అని ఏ సమాజమూ అనుకోదు కదా! పక్క భాషలు చూస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. తమిళంలో ‘వందాళ్’, కన్నడంలో ‘బందళు’ అని స్త్రీకి ప్రత్యేక క్రియారూపం ఉంది. గోండి, కొలామీల్లో బహువచనంలోనూ స్త్రీలు పురుషుల వరుసలో చేరరు. మీ తర్కం ప్రకారం తమిళ స్త్రీకి గౌరవం ఎక్కువ, మన స్త్రీకి తక్కువ, గోండు స్త్రీకి మరీ తక్కువ కావాలి. అలా అనడానికి ఆధారమేదీ లేదు. సంస్కృతంలో భార్యకు ‘దార’ పుంలింగం, ‘కలత్రం’ నపుంసకం. వ్యాకరణ లింగాన్ని బట్టి సమాజంలో స్త్రీ స్థానాన్ని చెప్పలేం.

మరి మీకు కావలసిన రుజువు ఎక్కడుంది? వ్యాకరణం మన ఇష్టానికి వదిలిన చోట. ‘ఆమె వచ్చింది’, ‘ఆమె వచ్చారు’ రెండూ ఒప్పే. అలాగే మగవారికి ‘వచ్చాడు’, ‘వచ్చారు’. వీటిలో ఏది వాడాలో వ్యాకరణం చెప్పదు, మాట్లాడేవారి మర్యాద చెబుతుంది. ‘డాక్టరు గారు వచ్చారు, నర్సు వచ్చింది’ అనే వాక్యం చూడండి. ఇక్కడ ‘వచ్చింది’ని నిర్ణయించినది శరీరం కాదు, ఆ నర్సుకే ‘వచ్చారు’ అంటే వాక్యం చెడదు.

అయితే ఈ వాక్యాన్ని నేరుగా వ్యాసంలోకి ఎత్తుకోకండి. ఆ తేడా ఆడ–మగ వల్ల వచ్చిందా, హోదా వల్లనా? రెండూ కలిసిపోయాయి, విడదీయలేరు. (పరీక్షకులు మొదట పట్టుకునేది ఇదే.) హోదా, వయసు ఒకటే అయిన ఒక స్త్రీనీ, ఒక పురుషుణ్నీ పోల్చాలి: ఒకే పత్రికలో ఇద్దరు సర్పంచుల వార్తలు, లేదా ఇద్దరు లెక్చరర్ల వార్తలు. ఒకరికి ‘అన్నారు’, మరొకరికి ‘అన్నది’ పదేపదే కనిపిస్తే అది మీ రుజువు. ఇద్దరికీ ‘అన్నారు’ అనే ఉంటే, అదీ రాయండి. నేటి పత్రికల్లో పదవిలో ఉన్నవారికి చాలావరకు అలాగే కనిపిస్తుంది. తేడా ఎక్కువగా దొరికేది కూలీలు, నిందితులు, బాధితుల వార్తల్లో.