రోజూ చేసే పఫ్ పరీక్షలో ఎందుకు అణిగిపోయింది?

అక్కా, మాది అనంతపురం దగ్గర పల్లె. నాకు 20 ఏళ్లు. టౌన్లో ఒక బేకరీలో అప్రెంటిస్‌గా చేస్తూ కోర్సు చదువుతున్నాను. మే నెలలో పేస్ట్రీ ప్రాక్టికల్లో ఫెయిలయ్యాను. షాపులో రోజూ పఫ్‌లకు పిండి పట్టేది నేనే. పరీక్షలో మాత్రం వెన్నతో చేయమన్నారు. అది కరిగి ట్రే అంతా కారింది, పఫ్ లేవనే లేదు. ‘పొరలు ఎట్లా లేస్తాయి’ అని ఎగ్జామినర్ అడిగితే ‘మార్జరిన్ మంచిదైతే లేస్తాయి సార్’ అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ‘రోజూ చేసే పనిలోనే తప్పినావు, ఇంక చాలు, బెంగళూరులో మీ బావ దగ్గరికి పో’ అంటున్నాడు నాయన. జూలైలో మళ్లీ పరీక్ష ఉంది. పోవాలా, వదిలేయాలా? మాస్టర్ ముఖం చూడాలన్నా సిగ్గుగా ఉంది.

తమ్ముడూ, పరీక్షకు పో. ఈ శీర్షికలోకి రాకముందు నేను చాలా ఏళ్లు బేకరీ పాఠాలు చెప్పాను. అందుకే నీ ఉత్తరంలో సిగ్గు గురించి రాసిన మాటల కంటే, వెన్న ట్రేలోకి కారిందన్న మాట దగ్గరే నా కళ్లు ఆగాయి. నీ పరీక్ష ఎక్కడ పోయిందో అందులోనే ఉంది.

మీ షాపులో వాడేది పఫ్‌ల కోసమే తయారుచేసే పేస్ట్రీ మార్జరిన్ అయి ఉంటుంది. అది 40 డిగ్రీల దాకా పూర్తిగా కరగదు. ఎండాకాలంలో కూడా కర్ర కింద చక్కగా సాగుతుంది, విరగదు, జారదు. తిన్నాక నాలుక మీద జిడ్డు మిగిలేది కూడా అందుకే, నోటి వేడికి అది సరిగా కరగదు. వెన్న అలా కాదు. 32 నుంచి 35 డిగ్రీల మధ్యే నీరైపోతుంది, 20 దాటినప్పటి నుంచే మెత్తబడి జారుతుంది. మే నెలలో మన ఊళ్లో ఓవెన్ పక్కన నిలబడి వెన్నను మార్జరిన్ లాగా ఒత్తితే ఏమవుతుందో అదే అయింది. నీ చేతికి పని రాదని కాదు. నీ చేయి నేర్చుకున్నది ఒకే కొవ్వుతో.

మరి పొరలు ఎలా లేస్తాయి? మైదా షీట్ల మధ్య కొవ్వు విడిగా, పలచగా పరుచుకుని ఉండాలి. మూడు మడతల చొప్పున వేస్తూ పోతే 3, 9, 27, 81, 243, ఆరో మడతకు 729 కొవ్వు పొరలు వస్తాయి. వేడి ఓవెన్లో పిండిలో ఉన్న నీళ్లు, వెన్నలో ఉన్న నీళ్లు ఆవిరవుతాయి. వెన్నలో నీళ్లేమిటి అనుకోకు, వందకు పదహారు గ్రాముల దాకా ఉంటాయి. ఆ ఆవిరి ఒక్కో షీటును పైకి నెడుతుంది. కరిగిన కొవ్వు ఒక షీటు ఇంకో షీటుకు అంటుకోకుండా చూస్తుంది. మైదా సాగి, ఆ ఎత్తులోనే గట్టిపడుతుంది. లేపేది ఆవిరి. కొవ్వు పని వేరుచేయడం వరకే. నువ్వు చెప్పిన జవాబులో సగం ఉంది, ఆవిరి లేదు.

ఒత్తేటప్పుడే కొవ్వు కరిగితే అది పిండిలోకి ఇంకిపోతుంది. మీ అమ్మ నిప్పట్ల పిండిలో కాచిన నూనె ఎందుకు పోస్తుందో అడుగు, గుల్లగా రావడానికి అంటుంది. నూనె పట్టిన పిండి సాగదు, పొడిపొడిగా విరుగుతుంది. నిప్పట్లకు కావలసింది అదే, పఫ్‌కు కాకూడనిది కూడా అదే. వేరుగా ఉండాల్సిన షీట్లు ఒకటైపోతే ఆవిరికి నెట్టడానికి పొర దొరకదు, పక్క నుంచి జారిపోతుంది.

అయితే ట్రేలోకి కారడానికి ఇంకో కారణం కూడా ఉంది: ఓవెన్ చాలినంత వేడిగా లేకపోవడం. ఆవిరి పుట్టేలోపే వెన్న కరిగి బయటికి వచ్చేస్తుంది. రెండిట్లో ఏది జరిగిందో తెలియాలంటే, ఓవెన్లో పెట్టకముందు కోసిన అంచు ఎలా ఉండిందో గుర్తు చేసుకో. పిండి, వెన్న గీతలు గీతలుగా విడివిడిగా కనపడి ఉంటే తప్పు ఓవెన్‌ది. అంచు అంతా ఒకే పసుపు రంగులో జిడ్డుగా మెరిసి ఉంటే, ఓవెన్‌కు పోకముందే పని చెడింది. నీది రెండోదని నా అనుమానం.

కర్నూలులో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మేనమామ బేకరీలోనే పని నేర్చుకుంది, ఇదే ప్రాక్టికల్లో, ఇలాగే వెన్న దగ్గర తప్పింది. మామ ముందు తల ఎత్తలేకపోయింది. మళ్లీ పరీక్షకు ఆమె వేసుకున్న ప్లాన్, రోజూ ఎక్కువెక్కువ పఫ్‌లు చేయడం. నేను వద్దన్నాను. అదే తప్పును వందసార్లు చేస్తే చేయి దానికే అలవాటు పడుతుంది. రెండు చిన్న ముద్దలు చాలన్నాను: ఒక్కోదానికి మైదా 200 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు, చల్లని నీళ్లు సుమారు 110 మి.లీ., కొవ్వు 150 గ్రాములు. అందులో 20 గ్రాములు పిండిలో కలపాలి, మిగతాది మధ్యలో పెట్టి మడవాలి. ఒకదానికి మార్జరిన్, ఒకదానికి ఉప్పులేని వెన్న.

మొదటిసారి వెన్నను ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా పెట్టింది. కర్ర వేయగానే అది ముక్కలు ముక్కలుగా విరిగింది, పైషీటు చిరిగింది. చల్లగా ఉంటే చాలనుకుంది కదా, చల్లదనం ఎక్కువైనా చెడుతుందని అప్పుడు తెలిసింది. రెండోసారి వెన్నను రెండు పాలిథీన్ షీట్ల మధ్య పెట్టి కర్రతో కొట్టి పలకలా చేసింది. వేలితో నొక్కితే గుంట పడాలి, విరగకూడదు, వేలికి జిడ్డు అంటకూడదు. 14 నుంచి 18 డిగ్రీల మధ్య వెన్న అలా ఉంటుంది. థర్మామీటర్ లేకపోయినా వేలు చెబుతుంది. అసలు చూడాల్సింది ఏమిటంటే, పిండి, వెన్న రెండూ నొక్కితే ఒకేలా వంగాలి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే కర్ర కింద ఒకటి పరుగెత్తుతుంది, ఒకటి నిలబడిపోతుంది.

ఆమె చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చింది. ప్రతి రెండు మడతలకూ ఓ మూల సన్నగా కోసి అంచు చూసేది. మార్జరిన్ ముద్దలో గీతలు ఎప్పుడూ తేటగానే ఉన్నాయి. వెన్న ముద్దలో విశ్రాంతి ఇవ్వకుండా మూడో మడత వేసిన రోజు గీతలు మసకబారాయి. ప్రతి మడతకూ మధ్య ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టిన రోజు మిగిలాయి. ఆ 20 నిమిషాలు వెన్న కోసమే అనుకునేది. ఒత్తగానే పిండి రబ్బరులా వెనక్కి లాగుతుంటే ఎందుకని అడిగింది. ఒత్తినప్పుడు మైదాలోని గ్లూటెన్ బిగుస్తుంది, ఆగితే సడలుతుంది. అది సడలకముందే కోసి కాలిస్తే పఫ్ ఓవెన్లో ముడుచుకుని ఒక పక్కకు వంగుతుంది. ఒక్క విశ్రాంతితో రెండు పనులు అవుతున్నాయని తెలిశాక, టైమ్ వృథా అవుతోందన్న ఆమె కంగారు తగ్గింది.

మళ్లీ పరీక్ష రోజు నాలుగో మడతకు పిండి మీద జిడ్డు మెరుపు కనపడింది. కర్ర పక్కన పెట్టి పిండిని ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఎందుకు ఆపావని ఎగ్జామినర్ అడిగితే, ‘వెన్న జారుతోంది సార్, ఇప్పుడు ఒత్తితే పొరలు కలిసిపోతాయి’ అంది. టైమ్ చాలక ఆరు మడతలకు బదులు అయిదే వేసింది. 243 పొరలు పఫ్‌కు చాలు. పదును కత్తితో కోసింది, మొద్దు కత్తి అంచుల్ని నొక్కి అంటించేస్తుంది. ఓవెన్‌ను ముందే 220 డిగ్రీలకు వేడెక్కించి పెట్టింది, లేచేదాకా తలుపు తీయలేదు, తర్వాత 190కి తగ్గించి లోపలి షీట్లు ఆరేదాకా ఉంచింది. రెండు పఫ్‌లకు మాత్రం పైన పూసిన గుడ్డు అంచుల మీదికి జారి పొరలను అంటించేసింది, అవి ఒక పక్క లేవలేదు. ఎందుకు లేవలేదో అడగకముందే ఆమే చెప్పింది. మార్కులు గొప్పగా రాలేదు, పాసయింది.

నువ్వు కూడా ఆ రెండు ముద్దలతోనే మొదలుపెట్టు. జూలైలో మే నెల ఎండ ఉండదు గానీ, వెన్నకు మాత్రం అదీ వేడే. తెల్లవారుజామున, ఓవెన్లు వెలిగించకముందు చెయ్యి. మధ్యాహ్నమే వీలైతే, ఒత్తే బండ మీద ముందుగా ఐస్ నీళ్ల ట్రే కాసేపు పెట్టి, తీసేసి, తడి తుడిచి పని మొదలుపెట్టు. పరీక్ష హాల్లో ఫ్రిజ్ ఎక్కడుందో, ఓవెన్ ఎంతసేపటికి వేడెక్కుతుందో ముందే అడిగి తెలుసుకో. మీ షాపు ఓవెన్ పొద్దంతా వేడిగానే ఉంటుంది కాబట్టి నీకు ఆ అలవాటు ఉండదు.

మాస్టర్ దగ్గర సిగ్గుపడి తప్పించుకు తిరిగితే నీకే నష్టం, ఆయనకు కాదు. ‘మార్జరిన్‌తో నేర్పించినారు, వెన్నతో ఒకసారి నా పక్కన నిలబడండి మాస్టర్’ అని అడుగు. మన వైపు చాలామంది మాస్టర్లు చేతితోనే నేర్చుకున్నవాళ్లు. ఎందుకని అడిగితే విసుక్కోవచ్చు, అది నీ మీద కోపం కాకపోవచ్చు. వెన్న ఖర్చు నీదేనని ముందే చెప్పు. షాపు సరుకు పాడవుతుందన్న భయం ఆయనకు ఉండకపోతే సగం పని అయినట్టే.

ఇక నాయన. ఆయన బాధ పఫ్ గురించి కాదని నీకూ తెలుసు. ఇంటికి పెద్దగా డబ్బు రాని పని చేస్తున్న కొడుకు, అందులో కూడా తప్పాడంటే, ఊళ్లో నలుగురు అడుగుతారు. ఆయనతో వాదించేటప్పుడు ‘నాకు ఇది ఇష్టం’ అనకు, అది ఆయనకు జవాబు కాదు. గడువు చెప్పు: ‘జూలై పరీక్ష దాకా ఆగు నాయనా, పాసైతే సర్టిఫికెట్‌తో జీతం ఎంత అడగొచ్చో నేనే కనుక్కుని చెబుతా. తప్పితే బావ దగ్గరికి పోతా.’ ఆ చివరి మాట నిజంగానే అను, బెదిరింపుగా కాదు. ఇంట్లో అమ్మ ఉన్నప్పుడు మాట్లాడు. బావకు కూడా ముందే ఒక ఫోన్ చెయ్యి, ఆయన పని ఏమిటో, జూలై తర్వాత కూడా ఆ చోటు ఖాళీగా ఉంటుందో కనుక్కో. ఉంటుందంటే ఇప్పుడే పొమ్మని తొందరపెట్టడానికి నాయన దగ్గర కారణం మిగలదు. ఉండదంటే ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పి, ఆ తర్వాతే పరీక్ష గురించి మాట్లాడు.